కారు బ్యాటరీ కొత్తదా, పాతదానికి కొత్త స్టిక్కరా? ఫొటోలో పట్టించే నాలుగు చోట్లు ఇవే

కారు స్టార్ట్ అవ్వదు. మెకానిక్ వచ్చి బ్యాటరీ పోయిందంటాడు. కంపెనీ షోరూమ్ రేటు కంటే బాగా తక్కువకి, అదే బ్రాండ్ పేరుతో ఇంకో బ్యాటరీ ఉందని ఎవరో వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో టాక్సీ, ఆటో, వ్యాన్ నడుపుకునే వాళ్లలో చాలామందికి ఇలాంటి మెసేజ్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. తీసుకోవాలా వద్దా అన్నది ఆ ఫొటోలు చూసే తేల్చుకోవాలి.

తప్పు జరిగితే నష్టం బ్యాటరీ డబ్బుతో ఆగదు. వారంటీ అడిగితే కంపెనీ సర్వీస్ సెంటర్ ఇది మా బ్యాటరీ కాదంటుంది. టెక్కలి నుంచి విశాఖ ఆస్పత్రికి పేషెంట్‌ని తీసుకెళ్లాల్సిన బండి తెల్లవారుజామున కదలకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే, నమ్మి ఫోన్ చేసే కస్టమర్ కూడా పోయినట్టే.

మరి ఫొటో చూసి నకిలీ అని చెప్పగలమా? చాలాసార్లు చెప్పొచ్చు. అయితే ఫొటో చూసి ఇది కచ్చితంగా అసలుదే అని మాత్రం ఎవరూ చెప్పలేరు. లోపల ఎన్ని ప్లేట్లున్నాయి, ఎంత సీసం ఉంది అన్నది కెమెరాకి కనపడదు. ఫొటో పనికొచ్చేది వేరే పనికి. బ్యాటరీ మీద నాలుగు చోట్లున్నాయి: టెర్మినల్, తేదీ ముద్ర, లేబుల్, ప్లాస్టిక్ డబ్బా. నాలుగూ ఒకే వయసు చెప్పాలి. ఒకటి "కొత్త" అని, ఇంకొకటి "వాడేసింది" అని చెబితే అక్కడే ఆగాలి.

ముందు నకిలీ ఎన్ని రకాలో తెలియాలి

మొదటి రకం, పాత బ్యాటరీని కడిగి, యాసిడ్ మార్చి, ఛార్జ్ పెట్టి, కొత్త లేబుల్ అతికించింది. బయట డబ్బా అసలు కంపెనీదే, కానీ లోపల ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. రెండో రకం, అసలు కంపెనీ డబ్బా మూత కోసి, లోపల చవక ప్లేట్లు పెట్టి, మళ్లీ మూసింది. మూడో రకం, పేరులేని డబ్బాకి పెద్ద బ్రాండ్ స్టిక్కర్ వేసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో రకం ఒక్కో చోట దొరుకుతుంది. మొదటిది టెర్మినల్ దగ్గర, రెండోది మూత అతుకు దగ్గర, మూడోది డబ్బా అచ్చు దగ్గర బయటపడుతుంది. లేబుల్ ఒక్కటే చూసి నిర్ణయిస్తే మూడూ తప్పించుకోవచ్చు. ఎందుకంటే మంచి ప్రింటింగ్ ప్రెస్ దొరికితే లేబుల్ చేయడమే అన్నిటికంటే తేలిక.

టెర్మినల్: సీసం మచ్చ దాచదు

బ్యాటరీ పైన ప్లస్, మైనస్ అని నిలబడే రెండు కొమ్ములు సీసం మిశ్రమంతో పోతపోసినవి. సీసం చాలా మెత్తటి లోహం. కేబుల్ క్లాంప్‌ని ఒక్కసారి బిగించినా దాని గుర్తు కొమ్ము చుట్టూ పడుతుంది. క్లాంప్‌ని స్క్రూడ్రైవర్‌తో పైకి లాగి తీస్తే నిలువు గీతలు పడతాయి. అంటే బ్యాటరీ ఒకసారి బండిలో కూర్చుందా లేదా అన్నది టెర్మినల్ దగ్గరే రాసి ఉంటుంది.

పాతదాన్ని కొత్తగా చూపించాలనుకునేవాడు ఈ గీతల్ని ఆకురాయితోనో, గరుకు కాగితంతోనో రుద్దేస్తాడు. అప్పుడు రెండు కొత్త గుర్తులు పుడతాయి. ఫ్యాక్టరీలో యంత్రం శుభ్రం చేసిన కొమ్ము చుట్టూ ఒకేలా ఉంటుంది. చేత్తో రుద్దినదానికి అక్కడక్కడా చదును ముఖాలు, అడ్డదిడ్డంగా గీతలు కనిపిస్తాయి. రెండోది, కొమ్ము సన్నబడుతుంది. మామూలు కారు బ్యాటరీ టెర్మినల్ ప్రామాణిక కొలత ప్రకారం అడుగున ప్లస్ సుమారు 19.5 మిల్లీమీటర్లు, మైనస్ సుమారు 17.9 మిల్లీమీటర్లు. కొన్ని చిన్న జపాన్ తరహా కార్లలో ఇంకా సన్నటివి వాడతారు. ఏ రకమైనా ప్లస్ ఎప్పుడూ మైనస్ కంటే లావుగా ఉండాలి. రెండు కొమ్ములూ ఒకే ఫొటోలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. రెండూ సమానంగా కనిపిస్తే ప్లస్‌ని అరగదీశారేమో అని అడగాలి.

సన్నబడిన కొమ్ముకి క్లాంప్ బిగుసుకోదు. అప్పుడు మధ్యలో రేకు ముక్క పెట్టి బిగిస్తారు. అక్కడ వేడి పుడుతుంది, స్టార్టర్‌కి కరెంటు చాలదు. కొందరు దీన్ని కప్పడానికి కొమ్ము మీద కొత్త సీసం కరిగించి పోస్తారు. అలా చేస్తే పై భాగం ఒక రంగు, కింద భాగం ఒక రంగు ఉంటుంది, అడుగున ప్లాస్టిక్ కాస్త కమిలి గోధుమ రంగుకి తిరుగుతుంది. ఈ కమిలిన వలయాన్ని కచ్చితంగా అనుమానించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. షాపులో ఛార్జ్ పెట్టినప్పుడు క్లిప్ పళ్లు రెండు పక్కలా చిన్న చుక్కల్లా దిగుతాయి. అది తప్పు కాదు. అలాగే భీమిలి, కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు గాలి తగిలే చోట షాపులో కొన్ని నెలలు ఉన్న అసలు బ్యాటరీ కొమ్ములు కూడా మసక బూడిద రంగుకి మారతాయి. మసక అంతటా ఒకేలా ఉంటే అది గాలి పని. తళతళ మెరిసే కొమ్ము మీద గీతలుంటే అది మనిషి పని.

తేదీ ముద్ర: అంకె కంటే అచ్చు చూడాలి

బ్యాటరీ మూత మీదో పక్కనో తయారీ కోడ్ ఉంటుంది. కొన్ని కంపెనీలు వేడి అచ్చుతో ప్లాస్టిక్‌లోకి దిగేలా కొడతాయి, కొన్ని లేజర్‌తోనో, చుక్కల ఇంకుతోనో రాస్తాయి. చాలా బ్రాండ్లలో నెలకి ఒక ఆంగ్ల అక్షరం, ఏడాదికి ఒక అంకె పెట్టే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో మార్చికి సి, ఏడాదికి 5 ఉంటే 2025 మార్చి అని చదువుకోవాలి. ప్రతి కంపెనీ ఇదే పద్ధతి పాటించదు కాబట్టి, కోడ్ ఎలా చదవాలో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగడమే మేలు.

ఒక్క అంకె పెట్టే కోడ్‌లో ఒక చిక్కుంది. 5 అంటే 2025 కావచ్చు, 2015 కూడా కావచ్చు. పదేళ్ల నాటి డబ్బా మీద కోడ్ ఏమీ మార్చకుండానే కొత్తదని చెప్పుకోవచ్చు. అందుకే కోడ్‌ని ఒంటరిగా నమ్మకూడదు.

అచ్చు ఎలా ఉందో చూడాలి. యంత్రం కొట్టిన అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరుసలో, ఒకే దూరంలో ఉంటాయి. చేత్తో కొట్టినవి ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకటి వంకరగా ఉంటాయి. పాత కోడ్‌ని గీకేసి కొత్తది కొడితే చుట్టూ ప్లాస్టిక్ మెరుపు పోయి, చిన్న పల్లం కనిపిస్తుంది. ఈ పల్లం ఎదురు వెలుతురులో కనపడదు. టార్చ్‌ని పక్క నుంచి, ఏటవాలుగా పట్టి ఫొటో తీస్తే నీడ పడి బయటపడుతుంది.

అన్నిటికంటే బలమైన ఆధారం సీరియల్ నంబర్. ఒకే షాపులో ఉన్న రెండు బ్యాటరీలకి ఒకే సీరియల్ ఉంటే ఇంక వాదన అక్కర్లేదు. నకిలీ లేబుల్ వేసేవాడు ఒక అసలు లేబుల్‌ని స్కాన్ చేసి వంద కాపీలు కొడతాడు, నంబర్ కూడా కాపీ అవుతుంది. అందుకే అమ్మేవాడిని ఒక్క బ్యాటరీ ఫొటో కాదు, పక్కపక్కన ఉన్న రెండు మూడింటి ఫొటోలు అడగాలి.

లేబుల్: చిన్న అక్షరాలే పట్టిస్తాయి

పెద్ద లోగో దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. చూడాల్సింది హెచ్చరిక గుర్తుల కింద ఉండే సన్నటి అక్షరాలు, తయారీదారు చిరునామా, బార్‌కోడ్ గీతల అంచులు. స్కాన్ చేసి మళ్లీ ముద్రించిన లేబుల్‌లో సన్న అక్షరాలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకే రంగుగా ఉండాల్సిన చోట జూమ్ చేస్తే రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి.

లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఏడాది, గరిష్ఠ ధర, ఫిర్యాదు నంబర్ ఉండాలి. ఈ వివరాలూ తేదీ ముద్రా సరిపోతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. ఉదాహరణకి, తిరుపతి కేంద్రంగా అమరాన్ బ్యాటరీలు చేసే అమరరాజా బ్యాటరీస్ 2023లో పేరు మార్చుకుని అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది. 2025 తేదీ ఉన్న బ్యాటరీ మీద పాత కంపెనీ పేరే ఉంటే, ఎందుకు అని అడగొచ్చు. అది ఒక్కటే నకిలీకి రుజువు కాదు, కానీ అడగాల్సిన ప్రశ్నే.

ఇటీవల ఇంకో గందరగోళం వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు బ్యాటరీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అప్పటికే షాపుల్లో ఉన్న సరుకు మీద తగ్గిన ధర స్టిక్కర్ వేసుకోవడానికి కేంద్రం అనుమతిచ్చింది. కాబట్టి ధర మీద రెండో స్టిక్కర్ ఉంటే వెంటనే నకిలీ అనుకోవద్దు. అయితే పాత ధర కూడా కనిపిస్తూ ఉండాలన్నది షరతు. స్టిక్కర్ ధరని కాకుండా తేదీనో, సీరియల్‌నో, ఆంపియర్ అవర్ అంకెనో కప్పేస్తే మాత్రం అది ధర సవరణ కాదు.

డబ్బా: అచ్చుకి కూడా వయసుంటుంది

బ్యాటరీ డబ్బా, మూత రెండూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో అచ్చులో పోసినవి. ఫ్యాక్టరీలో రెండింటి అంచుల్నీ వేడి పలకతో కరిగించి నొక్కేస్తారు. అందుకే అతుకు చుట్టూ సన్నటి, ఒకే మందం ఉన్న గట్టు నాలుగు వైపులా కనిపిస్తుంది. మూత కోసి మళ్లీ మూసిన బ్యాటరీలో ఈ గట్టు ఒకచోట లావుగా, ఒకచోట లేకుండా, ఎక్కడో జిగురు కారినట్టు ఉంటుంది. మూలల దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే చేత్తో మూల తిప్పడం కష్టం.

చాలా ప్లాస్టిక్ డబ్బాల మీద గడియారంలా చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో ఏడాది, ఒక బాణం. అది ఆ ప్లాస్టిక్‌ని అచ్చు పోసిన నెల. డబ్బా ముందు తయారవుతుంది, బ్యాటరీ తర్వాత తయారవుతుంది. అంటే గడియారంలోని నెల, తేదీ ముద్ర కంటే ముందుదై ఉండాలి. ముద్ర 2025 అంటుంటే గడియారం 2019 చూపిస్తే ఆ ఆరేళ్లు డబ్బా ఎక్కడుందో అమ్మేవాడు చెప్పాలి. అన్ని డబ్బాల మీదా ఈ గుర్తు ఉండదు, కానీ ఉంటే దాన్ని మించిన సాక్షి లేదు. స్టిక్కర్ మార్చేవాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఆఖరుగా డబ్బా అడుగు అంచులు. బండిలో బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే బిగింపు ఈ అంచు మీదే కూర్చుంటుంది. వాడిన బ్యాటరీకి అక్కడ ఒరుసుకున్న గీతలుంటాయి. పైన ఎంత తుడిచినా ఇక్కడ తుడవడం మర్చిపోతారు. ఫొటో కోసం బ్యాటరీని తలకిందులు చేయొద్దు, యాసిడ్ కారుతుంది. బల్ల మీద పెట్టి, ఫోన్‌ని కిందికి దించి తీస్తే చాలు.

ఒక లెక్క వేసి చూద్దాం

నరసన్నపేటలో చిన్న కారు టాక్సీ నడిపే వ్యక్తికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఫొటోలు నాలుగు వచ్చాయనుకుందాం. లేబుల్ శుభ్రంగా ఉంది, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. తేదీ ముద్ర రెండు నెలల కిందటిది, వరుస కూడా సరిగ్గానే ఉంది. ఇక్కడితో ఆగితే కొనేయొచ్చు అనిపిస్తుంది.

మూడో ఫొటోలో ప్లస్ కొమ్ము బాగా మెరుస్తోంది, మైనస్ మసకగా ఉంది. ప్లస్ పక్కన చదును ముఖం ఒకటి కనిపిస్తోంది. నాలుగో ఫొటోలో మూత అతుకు గట్టు నాలుగు వైపులా బాగుంది, కానీ అడుగు అంచు మీద ఒకే చోట ఒరుసుకున్న గీతలు.

ఇప్పుడు నాలుగింటినీ కలిపి చదవాలి. గట్టు బాగుంది కాబట్టి మూత కోయలేదు. డబ్బా కంపెనీదే కావచ్చు. కానీ కొమ్మూ, అడుగు అంచూ ఇది బండిలో తిరిగింది అంటున్నాయి. లేబుల్, తేదీ మాత్రం రెండు నెలల కొత్తది అంటున్నాయి. దీనికి నేరం కాని కారణం ఒకటి ఉండొచ్చు: వేరే కస్టమర్‌కి బిగించి, సరిపోక తిరిగి తీసి ఉండొచ్చు. అలా అయినా అది కొత్త బ్యాటరీ కాదు, కొత్తదాని రేటు ఇవ్వక్కర్లేదు. ఫొటో నుంచి కచ్చితంగా తేలేది ఇంతవరకే. నకిలీ అన్న ముద్ర వేసే పని కంపెనీది.

ఇదే పద్ధతి ఎదురు వైపు కూడా పనిచేస్తుంది. విజయనగరంలో ఒక షాపులో ఉన్న బ్యాటరీకి కొమ్ములు రెండూ ఒకేలా మసకగా ఉన్నాయి, ధర మీద రెండో స్టిక్కర్ ఉంది, పైన దుమ్ముంది, తేదీ ఎనిమిది నెలల కిందటిది. చూడ్డానికి ఇదే అనుమానంగా ఉంటుంది. కానీ నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి: ఎనిమిది నెలలుగా షాపులోనే ఉంది, ఏ బండిలోనూ ఎక్కలేదు. ఇది నకిలీ కాదు, పాత స్టాక్. వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తానే ఛార్జ్ కోల్పోతుంది కాబట్టి, పూర్తిగా ఛార్జ్ చేయించి, వోల్టేజ్ 12.6 దగ్గర ఉందో లేదో చూసుకుని, వారంటీ బిల్లు తేదీ నుంచే మొదలవుతుందని రాయించుకుని తీసుకోవచ్చు. దుమ్ము చూసి నిజాయితీ ఉన్న షాపు మీద నకిలీ అని వీడియో పెడితే నష్టపోయేది ఆ షాపువాడే.

ఫొటో ఎలా అడగాలి?

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, సన్న అక్షరాలు చెదిరిపోతాయి. అసలు లేబుల్ కూడా నకిలీలా కనిపిస్తుంది. అందుకే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫ్లాష్ వేస్తే టెర్మినల్ అంతా తెల్లగా వెలిగి గీతలు మాయమవుతాయి, కాబట్టి వరండా నీడలో పగటి వెలుతురు చాలు. పోల్చేటప్పుడు అదే మోడల్, అదే కెపాసిటీ, దగ్గరి తేదీ ఉన్న బ్యాటరీతోనే పోల్చాలి. వేరే ఏడాదిలో కంపెనీయే డిజైన్ మార్చి ఉండొచ్చు.

వోల్టేజ్ బాగా చూపించినంత మాత్రాన మోసపోవద్దు. ప్లేట్లు అరిగిపోయిన బ్యాటరీ కూడా నిండా ఛార్జ్ పెడితే 12.6 చూపిస్తుంది. లోడ్ టెస్టర్ పెట్టి, బరువు ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన బరువుతో పోల్చితేనే లోపలి సంగతి తెలుస్తుంది. ఈ రెండు పనులూ ఫొటోతో కావు.

అనుమానం నిజమైతే?

ముందుగా సీరియల్ నంబర్‌తో కంపెనీ వారంటీ రిజిస్ట్రేషన్ ప్రయత్నించాలి. ఆ నంబర్ ఇప్పటికే వేరే పేరు మీద ఉందని వస్తే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. లేబుల్ మీదున్న క్యూఆర్ కోడ్ తెరుచుకుంది కదా అని నమ్మకూడదు, కోడ్‌ని కూడా కాపీ కొట్టొచ్చు. కంపెనీ నంబర్ లేబుల్ మీద నుంచి కాకుండా కంపెనీ వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి.

బ్యాటరీ, బిల్లు, ఫొటోలు మూడూ అలాగే ఉంచాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కొన్న విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంది. బిల్లు లేకుండా తక్కువ రేటుకి తీసుకున్నవాళ్లకి మాత్రం ఇక్కడ దారి ఇరుకే.

నకిలీ ట్రేడ్‌మార్క్ వాడిన సరుకు అమ్మితే ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉంది. అయితే వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఒక ఫొటో పంపగానే పోలీసులు షాపు మీద పడిపోలేకపోవడానికి ఒక కారణం ఇదే. కంపెనీ రాతపూర్వకంగా ఇది మాది కాదు అని ఇచ్చే కాగితం చేతిలో ఉంటే ఫిర్యాదు ముందుకి కదులుతుంది.

ఇంకో మాట. నకిలీ చేసేవాడికి ముడిసరుకు కొనేవాళ్లు ఇచ్చే పాత బ్యాటరీయే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతది రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి చేరాలి. ఎక్స్చేంజ్‌లో ఇచ్చే ముందు, వారంటీ అయిపోయిందని చూసుకుని, లేబుల్‌ని చించేసి, సీరియల్ నంబర్ మీద మేకుతో అడ్డంగా గట్టి గీతలు గీయండి. ఆ డబ్బా కొత్త స్టిక్కర్ వేసుకుని ఇంకో డ్రైవర్ ఫోన్‌కి ఫొటోగా వెళ్లడం అప్పుడు అంత తేలిక కాదు.